పరుపులో గుంట, ఖర్చు ఎవరిది?

హైదరాబాద్‌లో కొండాపూర్, గచ్చిబౌలి వైపు ఇల్లు వెతికేవారికి ఒకే అపార్ట్‌మెంటులో రెండు రకాల అద్దెలు వినిపిస్తాయి. సెమీ ఫర్నిష్‌డ్ అంటే వార్డ్‌రోబులు, వంటింటి అల్మారాలు, ఫ్యాన్లు, గీజర్లు ఉంటాయి. ఫుల్లీ ఫర్నిష్‌డ్ అంటే వాటికి తోడు మంచాలు, పరుపులు, సోఫా, డైనింగ్ టేబుల్, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ కూడా. రెండోదానికి నెలకు కొన్ని వేలు ఎక్కువ. బదిలీ మీద వచ్చినవాళ్లు, కొత్తగా పెళ్లైనవాళ్లు, రెండేళ్లలో మళ్లీ ఊరు మారాల్సినవాళ్లు ఆ ఎక్కువ డబ్బుకు పెద్దగా బాధపడరు. సామాను కొనే పని, మోసే పని తప్పింది కదా అనుకుంటారు. మొదటి రాత్రి పడుకునేదాకా అలాగే అనుకుంటారు.

పొద్దున లేచేసరికి నడుం పట్టేసి ఉంటుంది. దుప్పటి తీసి చూస్తే పరుపు మధ్యలో గుంట. ఇల్లు చూపించినప్పుడు ఓనర్ ఆంటీ చెప్పిన మాట గుర్తొస్తుంది: "మా అబ్బాయి అమెరికా వెళ్లేముందు కొన్నాం బాబూ, దాదాపు కొత్తదే." ఆ అబ్బాయి వెళ్లి ఏడేళ్లయిందని కింద వాచ్‌మన్ చెబితే గానీ తెలియదు.

ఇక్కడ చాలామంది రెండు తప్పుల్లో ఏదో ఒకటి చేస్తారు. కొందరు మొహమాటపడి ఊరుకుంటారు. నెల తర్వాత సొంత డబ్బుతో పరుపు కొనుక్కుని, పాతది చెత్తబండికి ఇచ్చేస్తారు. ఖాళీ చేసేరోజున ఓనరు "నా పరుపేది?" అని అడుగుతాడు, అడ్వాన్సులో కోత పడుతుంది. ఇంకొందరు కోపంగా ఫోన్ చేసి "ఇది పరుపేనా? వెంటనే మార్చండి" అంటారు. అవతలి మనిషి కూడా అంతే కోపంగా "చూసుకునే కదా దిగారు" అని ఫోన్ పెట్టేస్తాడు. గుంట మాత్రం అలాగే ఉంటుంది.

అడగడానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. గుంట పరుపులో ఉందా, మంచంలో ఉందా తేల్చుకోవాలి.

ఇప్పటి ఫర్నిష్‌డ్ ఫ్లాట్లలో ఎక్కువగా ఉండేవి పెట్టె మంచాలు. పరుపు కింద ప్లైవుడ్ పలకలు, వాటి కింద అడ్డంగా చెక్క పట్టీలు, లోపల దుప్పట్లు, సూట్‌కేసులు దాచుకునే ఖాళీ ఉంటాయి. మధ్య పట్టీ విరిగినా, దాన్ని పట్టుకున్న మేకు ఊడినా పలక కిందకు వంగుతుంది, దానితోపాటే పరుపూ వంగుతుంది. ఆ మంచం మీద ఎంత మంచి పరుపు వేసినా గుంట తప్పదు. అందుకే పరుపును దింపి హాల్లో చదునైన నేల మీద ఒక గంట పరచాలి. గుంట మాయమైతే దోషం మంచానిది, వడ్రంగి వచ్చి పట్టీ మారిస్తే సరిపోతుంది. నేల మీద కూడా గుంట అలాగే ఉంటే అప్పుడు దోషం పరుపుదే.

తర్వాత కొలవాలి. పరుపు మీద ఎవరూ లేనప్పుడు ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒక పొడవాటి కర్టెన్ రాడ్డో, బిగించి పట్టిన దారమో అడ్డంగా పెట్టాలి. దానికీ గుంట అడుగుకూ మధ్య దూరాన్ని స్కేలుతో కొలిచి, స్కేలు మీద అంకె కనిపించేలా ఫొటో తీయాలి. పరుపుల కంపెనీల వారంటీ కార్డుల్లో కూడా కొలత ఇలాగే ఉంటుంది. సాధారణంగా ఒక అంగుళం, అటూ ఇటూగా, దాటితేనే దాన్ని లోపంగా ఒప్పుకుంటారు. "చాలా మెత్తగా అయిపోయింది" అన్నమాటకు ఓనరు నవ్వేయవచ్చు. ఒకటిన్నర అంగుళం అని చూపించే స్కేలు ఫొటోను చూసి నవ్వడం కష్టం.

ఏ రకం పరుపో కూడా చూసుకోవాలి, ఎందుకంటే ఒక్కోటీ ఒక్కోలా పాడవుతుంది. రబ్బరు కలిపిన కొబ్బరిపీచు పరుపు ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కుతుంది, పీచు విరిగి పొడి రాలుతుంది. మంచం పలకల మీద గోధుమరంగు దుమ్ము పేరుకుందంటే పరుపు లోపల కూలిపోతోందని అర్థం. ఫోము పరుపు మనిషి బరువు పడేచోట నలిగి మళ్లీ పైకి లేవదు. స్ప్రింగు పరుపు చప్పుడు చేస్తుంది, తీగ పైకి పొడుచుకొస్తుంది. అలా పొడుచుకొస్తే ఇక సుఖం మాట అటుంచి, ఒంటికి గుచ్చుకుంటుంది కాబట్టి ఆరోజే చెప్పాలి. కుట్ల వెంబడి నల్లని చుక్కలు కనిపిస్తే మాత్రం అది నల్లుల సంగతి. మంచానికి, గదికి మందు కొట్టించకుండా కొత్త పరుపు తెప్పిస్తే నెలలోపే అదీ పాడవుతుంది.

ఇక అసలు ప్రశ్న. చట్టం ఎవరి వైపు ఉంది?

తెలంగాణలో అమల్లో ఉన్న 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. అందులో భవనానికి ఇచ్చిన నిర్వచనంలోనే, యజమాని వాడుకకు ఇచ్చిన ఫర్నిచర్ కూడా చేరి ఉంది. సంబరపడేలోగా ఇంకో సంగతి చెప్పుకోవాలి. 2005లో చేసిన సవరణతో నగరపాలక సంస్థల పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన ఇళ్లు ఆ చట్టం నుంచి బయటపడ్డాయి. హైదరాబాద్‌లో ఆ అద్దెకు పరుపున్న ఫ్లాట్ సంగతి దేవుడెరుగు, పరుపు పట్టే గది కూడా దొరకదు. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ఏ మరమ్మతు ఎవరిదో ఒక పట్టిక ఉంది. పైపులు, వైరింగు, గోడలకు సున్నం యజమాని వంతు. కుళాయి వాషర్లు, తలుపు గొళ్లేలు, కిటికీ అద్దాలు అద్దెదారు వంతు. ఇంత వివరంగా రాసిన ఆ పట్టికలో మంచం, పరుపు అన్న మాటలు లేవు. పైగా అది నమూనా మాత్రమే, రాష్ట్రం సొంతంగా చట్టం చేసుకుంటేనే చెల్లుతుంది.

కాబట్టి ఫర్నిష్‌డ్ ఫ్లాటులో పరుపు భవితవ్యం చాలావరకు అగ్రిమెంటులో రాసుకున్నదాన్ని బట్టే ఉంటుంది. అందులో ఏమీ రాయకపోతే పాత చట్టాల్లో రెండు ఆసరాలు దొరుకుతాయి. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్ ప్రకారం, ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే తిరిగి అప్పగించాలి గానీ, మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకు మినహాయింపు ఉంది. ఓనర్లు అడ్వాన్సు కోసేటప్పుడు మరిచిపోయే మాట ఇదే. రెండోది 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 150వ సెక్షన్. డబ్బు తీసుకుని వస్తువును వాడుకకు ఇచ్చినప్పుడు, అందులోని లోపం వల్ల హాని జరిగితే, ఆ లోపం తనకు తెలియదన్నా ఇచ్చినవాడిదే బాధ్యత. ఫర్నిచర్ ఇంటిలాగా కదలని ఆస్తి కాదు, అద్దెకు ఇచ్చిన వస్తువు. అందుకే విరిగే దశలో ఉన్న కుర్చీ, కూలే మంచం విషయంలో ఈ సెక్షన్ పట్టుకుని వాదించడానికి గట్టి దారి ఉంది. అయితే పరుపు కోసం సివిల్ కోర్టుకు వెళ్లేవాడు ఉండడు, పరుపు ధరకు మించి వకీలు ఫీజే అవుతుంది. ఈ సెక్షన్లు కోర్టులో కన్నా మాటల్లోనే ఎక్కువ పనికొస్తాయి.

మాటల్లో ఎలా పనికొస్తాయో ఒక లెక్కతో చూద్దాం. రెండు పడకగదుల ఫ్లాట్, అద్దె నెలకు 38,000. అదే అపార్ట్‌మెంటులో అదే వైశాల్యమున్న సెమీ ఫర్నిష్‌డ్ ఫ్లాటు 32,000కు దొరుకుతోందనుకుందాం. అంటే ఫర్నిచర్ కోసం కడుతున్నది నెలకు 6,000, పదకొండు నెలల అగ్రిమెంటు ముగిసేసరికి 66,000. పరుపు కొని ఏడేళ్లు. క్వీన్ సైజు కొత్త పరుపు ధర 14,000 అనుకుందాం. ఈ అంకెలు పక్కన పెట్టుకుంటే అద్దెదారు అడుగుతున్నది దానం కాదని తెలుస్తుంది. రెండున్నర నెలల ఫర్నిచర్ అద్దెతో ఆ పరుపు వచ్చేస్తుంది.

ఇదే లెక్క అద్దెదారు మీదకు కూడా తిరుగుతుంది. పిల్లవాడు పరుపు మీద రంగునీళ్లు ఒలకబోశాడు, లేదా ఇస్త్రీపెట్టె పెట్టి కాల్చేశారు. తప్పు అద్దెదారుదే. అయినా 14,000 మొత్తం కట్టాలా? అక్కర్లేదు. పరుపు ఆయుష్షు ఎనిమిదేళ్లని ఇద్దరూ ఒప్పుకుంటే, ఏడేళ్లు వాడేసిన దానికి మిగిలింది ఒక్క ఏడాది. 14,000లో ఎనిమిదో వంతు, అంటే 1,750 రూపాయలు. బ్రిటన్‌లో అద్దె అడ్వాన్సుల మీద తగాదాలు తీర్చే సంస్థలు ఈ పద్ధతిలోనే లెక్క కడతాయి. పాత వస్తువు పాడైతే యజమాని చేతికి కొత్త వస్తువు రాకూడదన్నది అక్కడి సూత్రం. ఇక్కడ అలాంటి సంస్థ లేదు గానీ, కాగితం మీద ఈ భాగహారం చేసి చూపిస్తే కాదనగల ఓనర్లు తక్కువ.

బ్రిటన్ ప్రస్తావన వచ్చింది కాబట్టి, అక్కడ చదువుకోవడానికి వెళ్లే తెలుగు విద్యార్థులకు పనికొచ్చే ముక్క ఒకటి. ఇంగ్లండులో యజమాని తప్పనిసరిగా చేయాల్సిన మరమ్మతులను 1985 నాటి చట్టం చెబుతుంది. గోడలు, పైకప్పు, నీళ్లు, గ్యాసు, కరెంటు, హీటింగు అందులో ఉన్నాయి, ఫర్నిచర్ లేదు. ఉత్తరాన స్కాట్లండుకు వెళితే కథ మారిపోతుంది. అక్కడి 2006 నాటి గృహ చట్టం ప్రకారం, యజమాని ఇచ్చిన సామాను దేనికోసం తయారైందో దానికి సురక్షితంగా వాడుకునేలా ఉండాలి. లేకపోతే అద్దెదారు ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. లండన్‌లో చదివే స్నేహితుడు చెప్పిన సలహా గ్లాస్గోలో పనిచేయదు, గ్లాస్గో సలహా లండన్‌లో పనిచేయదు. ఇంకో సంగతి, అక్కడి ఇంటి యజమాని పాత పరుపు తీసి అలాంటిదే కొత్తది వేస్తే ఆ ఖర్చును ఆదాయపు పన్ను లెక్కలో తగ్గించుకోవచ్చు, 2016 ఏప్రిల్ నుంచి ఆ సౌకర్యం ఉంది. మన దగ్గర ఇంటి అద్దె ఆదాయానికి మరమ్మతుల కింద ఇచ్చే 30 శాతం మినహాయింపు, రూపాయి ఖర్చు పెట్టకపోయినా దొరుకుతుంది. పరుపు కొన్నందుకు ప్రత్యేకంగా లాభమేమీ లేదు. మన ఓనర్ల చేయి జేబులోకి నిదానంగా వెళ్లడానికి ఇదీ ఒక కారణమే.

మళ్లీ కొండాపూర్‌కు వద్దాం. ఓనరు డాలస్‌లో ఉంటాడు, ఇక్కడి వ్యవహారాలు ఆయన మామగారు చూస్తారు. ఇలాంటప్పుడు పెద్దాయనకు ఫోన్‌లో చెప్పినది డాలస్ చేరేసరికి "వాళ్లకు ఏదో పరుపు నచ్చలేదట" అయిపోతుంది. అందుకని ముందు ఫోన్ చేసి మర్యాదగా చెప్పి, వెంటనే అదే సంగతిని ఇద్దరికీ వాట్సాప్‌లో పంపాలి. మొదట ఫొటో, కొలత, తర్వాత ఏం కావాలో, చివర ఎప్పటిలోగా. మాటలు ఇలా ఉంటే చాలు:

"అంకుల్, నమస్తే. మాస్టర్ బెడ్‌రూమ్ పరుపు మధ్యలో ఒకటిన్నర అంగుళం కుంగింది. నేల మీద వేసి చూశాం, మంచం బాగానే ఉంది, పరుపే పాడైంది. ఫొటోలు పంపుతున్నాను. మేము దిగిన రోజు తీసిన ఫొటోలో కూడా గుంట కనిపిస్తోంది. మంచం లోపలి కొలత 78 బై 60 అంగుళాలు. మీరు కొని పంపినా సరే, లేదా నన్నే కొనమన్నా సరే, బిల్లు మీ పేరున తీసుకుని వచ్చే నెల అద్దెలో తగ్గించుకుంటాను. పాత పరుపు ఏం చేయాలో కూడా చెప్పండి. ఈ నెలాఖరులోగా వీలవుతుందా అంకుల్?"

ఇందులో ప్రతి వాక్యం ఒక అడ్డంకిని ముందే తీసేస్తుంది. మంచం కొలత ఎందుకంటే, మన మార్కెట్లో 72, 75, 78 అంగుళాల పొడవు పరుపులు మూడూ దొరుకుతాయి. సైజు తప్పితే పరుపు మంచం అంచు మీదకు ఎక్కుతుంది, లేదా కాళ్ల దగ్గర సందు మిగులుతుంది. కొనే పని తానే చూసుకుంటానని అద్దెదారు అంటే, విదేశంలో ఉన్న ఓనరుకు సగం తలనొప్పి పోతుంది. పాత పరుపు ప్రస్తావన అన్నిటికన్నా ముఖ్యం. "పారేయండి" అన్న ఒక్క మాట రాతపూర్వకంగా ఉంటే రెండేళ్ల తర్వాత తగాదా ఉండదు. ఆ మాట రానంతవరకు పాత పరుపును ప్లాస్టిక్ కవరు చుట్టి బాల్కనీలో నిలబెట్టి ఉంచడమే క్షేమం.

జవాబు రాకపోతే? వారం ఆగి మళ్లీ గుర్తుచేయాలి. ఓనరు ఒప్పుకోకుండా అద్దె మాత్రం కోయకూడదు. అద్దె బాకీ పడితే అప్పటిదాకా న్యాయం తన వైపున్న అద్దెదారు ఒక్కసారిగా తప్పు చేసినవాడు అవుతాడు, ఖాళీ చేయించడానికి ఓనరుకు కారణం చేతికి ఇచ్చినట్టవుతుంది.

"సగం నువ్వు పెట్టుకో" అనే ఓనర్లూ ఉంటారు. అప్పుడు ఆ పరుపు ఎవరిదో అప్పుడే తేల్చుకోవాలి. సగం సగం పెట్టి కొన్న పరుపు ఖాళీ చేసేరోజున ఇద్దరి మధ్యా నలుగుతుంది. అంతకన్నా మేలైన ఏర్పాటు, అద్దెదారే మొత్తం పెట్టి సొంతంగా కొనుక్కుని వెళ్లేటప్పుడు తీసుకుపోవడం, బదులుగా నెల అద్దె కొంత తగ్గించమనడం. రెండేళ్లకు మించి ఉండేవాళ్లకు ఇదే లాభం.

పరుపును మార్చక తప్పదు, కానీ మిగతా సామానులో చాలావాటికి మార్పు అవసరమే ఉండదు. కూర్చుంటే లోపలికి దిగిపోయే సోఫాను చూసి కొత్త సోఫా అడిగితే ఓనరు గుండె గుభేలుమంటుంది. నిజానికి అడుగున గుడ్డ విప్పితే సాగిపోయిన పట్టీలు కనిపిస్తాయి. సోఫా రిపేరు చేసేవాళ్లు ఇంటికే వచ్చి పట్టీలు, ఫోము మార్చి పోతారు, కొత్త సోఫా ధరలో చిన్న భాగంతో పని అయిపోతుంది. వార్డ్‌రోబు తలుపు వేలాడుతుంటే చాలాసార్లు పాడైంది తలుపు కాదు, కబ్జా. పార్టికల్ బోర్డులో మర రంధ్రం వదులైపోయి కబ్జా ఊడుతుంది, రంధ్రం పూడ్చి పక్కన కొత్త మర వేస్తే నిలబడుతుంది. అదే బోర్డు నీళ్లు తగిలి ఉబ్బిందంటే దాన్ని ఎవరూ బాగుచేయలేరు, మార్చాల్సిందే. అది ఉబ్బిన చోటు పక్కనే బాత్రూం గోడ ఉందేమో చూసి చెప్పాలి. గోడలోంచి నీరు కారుతుంటే అసలు జబ్బు అది, ఆ మరమ్మతు నిస్సందేహంగా ఓనరుదే.

అడగడానికి అనువైన కాలం ఒకటుంది. పదకొండు నెలల అగ్రిమెంటు ముగియడానికి నెల రోజుల ముందు ఓనరే ఫోన్ చేసి అద్దె పెంచే మాట ఎత్తుతాడు. సంవత్సరమంతా కదలని పరుపు ఆ వారంలో కదులుతుంది. పెంచిన అద్దెకు సరేనంటూనే, పరుపు, సోఫా పట్టీలు, వార్డ్‌రోబు కబ్జా ఫలానా తేదీలోగా చేయిస్తానని కొత్త అగ్రిమెంటులో ఒక వాక్యం రాయించుకోవచ్చు. మంచి అద్దెదారు వెళ్లిపోతే నెలా రెండు నెలలు ఫ్లాటు ఖాళీగా పడి ఉంటుందని ఓనరుకూ తెలుసు. ఒక్క నెల ఖాళీ 38,000తో రెండు పరుపులు కొని ఇంకా డబ్బు మిగులుతుంది.

కొత్తగా ఇల్లు చూసుకుంటున్నవాళ్లకు ఒక మాట. అగ్రిమెంటు వెనుక జతచేసే ఫర్నిచర్ లిస్టులో "మంచం 2, పరుపు 2" అని రాసి సంతకం పెట్టించుకుంటారు. ఆ లిస్టులో పరుపు ఏ ఏడు కొన్నదో, ఏ రకమో, ఎలా ఉందో కూడా రాయించండి. తాళాలు చేతికి వచ్చిన రోజునే దుప్పట్లు తీసేసి పరుపులను, సోఫా అడుగును, వార్డ్‌రోబు లోపలి మూలలను ఫొటోలు తీసి, అదే సాయంత్రం ఓనరుకు వాట్సాప్‌లో పంపండి. మర్నాడు పంపితే "మీరు దిగాక అయింది" అనే వీలుంటుంది.